‘జస్ట్ లుకింగ్’ అన్నాక ఏం చెయ్యాలి? ఇంగ్లండులో షాపు పనికి కొత్తగా చేరినవాళ్లకు

ఎన్ఐ నంబరు, బ్యాంకు ఖాతా, క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదన్న లెక్క... ఇవన్నీ ఈపాటికి నీకు పదిమంది చెప్పే ఉంటారు. నేను చెప్పను. చెప్పుల షాపులో పార్ట్ టైం దొరికాక మొదటి షిఫ్టులోనే ఎదురయ్యేది ఒకటుంది. కస్టమర్ లోపలికొస్తుంది. నువ్వు "కెన్ ఐ హెల్ప్ యూ?" అంటావు. ఆవిడ "జస్ట్ లుకింగ్, థాంక్స్" అంటుంది. తర్వాత?

పోయిన శనివారం మా షాపులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి చూశాను. ఆ మాట వినగానే "ఓకే" అని అక్కడే నిలబడిపోయాడు. ఆవిడ రెండడుగులు జరిగితే తనూ రెండడుగులు జరిగాడు, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లిచూపులకు తోడొచ్చిన తమ్ముడిలా. ఆవిడ చేతిలోని బూటు అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. "నా ఇంగ్లీషు అర్థం కాలేదేమో అన్నా" అన్నాడు. ఇంగ్లీషు కాదురా బాబూ, నువ్వు నిలబడ్డ చోటు!

విజయవాడలో చీరల కొట్టుకెళ్లి ఊరికే చూస్తున్నామంటే, "చూడ్డానికేం పోయిందమ్మా" అంటూ ఇంకో నాలుగు విప్పుతారు. అక్కడ అది మర్యాద. ఇక్కడ వెంట నడిస్తే అంటగట్టడానికి వచ్చాడనుకుంటారు, లేదా దొంగతనం చేస్తారేమోనని కాపలా కాస్తున్నాడనుకుంటారు. ఆ రెండోది నల్లజాతివాళ్లకీ మనబోటివాళ్లకీ మరీ తగులుతుంది.

నా మొదటి నెలల్లో మేనేజరు ప్రతి ఒక్కరినీ పలకరించమనేది, పలకరించాక ఏం చెయ్యాలో మాత్రం చెప్పేది కాదు. రోజంతా ‘జస్ట్ లుకింగ్’ విని, నేను ఎవరికీ అక్కర్లేదన్నట్టు అనిపించి, ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధయ్యేది కాదు.

సరే, విను. మొదట ఆ "కెన్ ఐ హెల్ప్ యూ?" మానెయ్. దానికి వచ్చే జవాబే అది. "హాయ్" అను చాలు. అయినా ‘జస్ట్ లుకింగ్’ అంటే వెంటనే, నవ్వుతూ, "నో వర్రీస్. ఐయామ్ జస్ట్ ఓవర్ దేర్ ఇఫ్ యూ నీడ్ ఎ సైజ్" అను. ‘సైజ్’ అన్న మాట ఊరికే పెట్టలేదు. అరల్లో ఒక కాలి బూటే ఉంటుంది, రెండోది స్టాక్ రూమ్‌లో ఉంటుంది. తొడిగి చూడాలంటే ఆవిడ ఎలాగూ నిన్నే అడగాలి. ఎవరిని అడగాలో, ఎక్కడుంటావో చెప్పేశావు కాబట్టి ఇక ఆ మౌనం నీ బాధ్యత కాదు.

చెప్పాక కదులు. దయచేసి కదులు! నాలుగైదు అడుగుల అవతల పెట్టెలు సర్దు, ధర చీటీలు సరిచెయ్, చేతికి ఏదో ఒక పని ఉండాలి. ఆవిడ తలెత్తితే నువ్వు కనపడాలి, దారికి మాత్రం అడ్డం ఉండకూడదు.

మళ్లీ ఎప్పుడు వెళ్లాలి? నిమిషాలు లెక్కపెట్టకు, చేతులు చూడు. బూటు తిరగేసి అడుగున సైజు చూస్తోందా, అదే బూటు దగ్గరికి రెండోసారి వచ్చిందా, తలెత్తి చుట్టూ వెతుకుతోందా. అప్పుడు వెళ్లు. వెళ్లి మళ్లీ ప్రశ్న వెయ్యకు, చేతిలో ఉన్నదాని గురించి ఒక పనికొచ్చే మాట చెప్పు.

ఉదాహరణకు ఆగస్టు చివరి వారం. సెప్టెంబరులో బళ్లు తెరుస్తారు. ఒక తల్లి పిల్లాడు లేకుండా వచ్చి, ‘జస్ట్ లుకింగ్’ అని, పట్టీ ఉన్న నల్ల బూటు రెండుసార్లు తీసి చూసింది. "అది అరసైజుల్లోనూ ఉంది, వెడల్పు పాదానికి వేరే ఫిటింగూ ఉంది" అను. "వాడు నాతో రాలేదే" అంటుంది. అసలు సంగతి అదన్నమాట. పాదం కొలవడానికి పిల్లాణ్ణి ఎప్పుడు తీసుకొస్తే రద్దీ తక్కువో చెప్పు. ఇప్పుడే కొంటానంటే, తొడగని బూటు ఎన్ని రోజుల్లోపు రసీదుతో వెనక్కి తేవచ్చో చెప్పు. ఈ గడువు ముందే కనుక్కో. మనసు మారిందని షాపులో కొన్నది తిరిగిస్తే తీసుకోవాలని ఇక్కడ చట్టం లేదు, ఏ షాపు నియమం దానిది. లేనిపోని మాట ఇచ్చావో, వారం తర్వాత ఆవిడ నీ ముందే నిలబడుతుంది.

రెండోసారీ "ఐయామ్ ఫైన్" అందా? ఇక వదిలెయ్. మూడోసారి వెళ్లకు. ఏమీ కొనకుండా వెళ్తున్నా "బై, థాంక్స్" అను, మొహం మాడ్చుకోకు. ధర చూసుకుని, ఇంట్లో మాట్లాడుకుని, మర్నాడు వచ్చి కొనేవాళ్లు ఉంటారు.

ఇంకో మాట, ఆ కుర్రాడిలా నీకూ అనుమానం ఉంటే చెప్తున్నా: నీ ఇంగ్లీషు బాగానే ఉంది. ఆవిడ ఇంటికెళ్లేలోపే నిన్ను మర్చిపోతుంది, నువ్వు కూడా ఆవిణ్ణి మర్చిపో. అదీ చేతకాకపోతే స్టాక్ రూమ్ షిఫ్టు అడుగు, అక్కడ పెట్టెలతోనే పని.