వార్షిక నివేదికలో పట్టికలు – మూడవ పాఠం: ఖర్చుల పట్టికను సరిదిద్దడం

గత పాఠంలో చేనేత సహకార సంఘం ఖర్చులను ఎక్సెల్‌లో రెండు సంవత్సరాలకు పక్కపక్కన ఎక్కించుకున్నాం. ఈ పాఠంలో అదే పట్టికను సర్వసభ్య సమావేశంలో పంచే నివేదికకు సిద్ధం చేద్దాం. అంకెలు నేను అభ్యాసం కోసం వేసుకున్నవి. పద్ధతి మాత్రం చౌటుప్పల్, నారాయణపేట వైపు సంఘాల కార్యదర్శులు రోజూ రాసే లెక్కలకు అలాగే సరిపోతుంది.

ముందుగా ఒక మాట. అంకెలను కుడివైపుకు జరపడానికి తొందరపడకండి. అలైన్‌మెంట్ ఏదీ పెట్టకుండా వదిలేస్తే, ఎక్సెల్ అంకెను గడిలో కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు చేరుస్తుంది. ఇది మనకు ఉచితంగా దొరికే తనిఖీ. మన పట్టికలో రవాణా ఖర్చును ఎవరో రశీదులో ఉన్నట్టే 38,400/- అని కొట్టారనుకోండి. చివర ఉన్న ఆ గీత వల్ల ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది. గడిలో అది ఎడమవైపుకు ఒరిగి కనిపిస్తుంది. కింద SUM వేస్తే ఆ గడిని వదిలేసి, 35,35,665 రావలసిన చోట 34,97,265 చూపిస్తుంది. ఎర్ర గుర్తు, హెచ్చరిక ఏవీ రావు. మీరు మొదటే కాలమ్ మొత్తాన్ని కుడివైపుకు జరిపేస్తే ఆ ఒక్క ఆనవాలు కూడా పోతుంది. ఒకసారి నేనూ అలాగే జరిపేశాను. తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి సాయంత్రం దాకా వోచర్లన్నీ తిరగేయవలసి వచ్చింది. అందుకే ముందు ఎడమకు ఒరిగిన అంకెలు ఉన్నాయేమో చూడండి. రూ., /- వంటివి తీసేసి ఉత్త అంకె కొట్టండి. ఆ తర్వాతే అలంకరణ.

ఇక కామాలు. మనకు లక్షల లెక్క కావాలి. విండోస్ ప్రాంతీయ అమరికల్లో అంకెల విభజనను 12,34,56,789 అని ఎంచుకుంటే ఎక్సెల్ కూడా దాన్నే పాటిస్తుంది. తర్వాత అంకెల గడులన్నీ ఎంచుకుని, ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ అన్న చోట ఇది రాయండి:

```
#,##0_);(#,##0);"–"_)
```

ఇందులో సెమికోలన్లతో విడిపోయిన మూడు భాగాలున్నాయి. మొదటిది మామూలు అంకెకు, రెండవది తగ్గుదలకు, మూడవది సున్నాకు. తగ్గుదలను లెక్కల పుస్తకాల్లో బ్రాకెట్లలో రాస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. (15,420) అని కుడి అంచుకు చేరిస్తే, ముగింపు బ్రాకెట్ అంచును తాకి, దాని వెడల్పు మేరకు అంకెలన్నీ ఎడమకు జరుగుతాయి. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు ఉండవు. ఇక్కత్ నేసే ఇంట్లో పెరిగినవారికి ఇది వివరించనక్కరలేదు. పోగు కొద్దిగా జరిగితే పువ్వు అంచు ఎలా చెదిరిపోతుందో వారు చూసే ఉంటారు. పై సూత్రంలోని _) అన్న గుర్తు, బ్రాకెట్ లేని అంకెల పక్కన కూడా సరిగ్గా ఒక బ్రాకెట్ పట్టేంత ఖాళీ వదులుతుంది. దాంతో నిలువు వరుస కుదురుకుంటుంది.

సున్నాకు గీత ఎందుకంటే, ఖాళీ గడిని చూసిన సభ్యుడికి ఖర్చు లేదా, రాయడం మరిచారా అన్నది తెలియదు. గీత ఉంటే ఖర్చు లేదని అర్థమవుతుంది. అందుకే ఆ గడిని ఖాళీగా వదలకుండా 0 కొట్టండి, గీత తానే వస్తుంది.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఈ కామాల అమరిక ఉండేది మీ కంప్యూటర్‌లో, ఫైలులో కాదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర డీటీపీ చేసే షాపుకు ఎక్సెల్ ఫైలు ఇస్తే, అక్కడి యంత్రంలో 18,42,650 కాస్తా 1,842,650గా మారవచ్చు. కాబట్టి అచ్చుకు పీడీఎఫ్ ఇవ్వండి.

అంకెలు కుదిరినా వరుస వంకరగా ఉంటే తప్పు ఫాంటుది కావచ్చు. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. ఒక గడిలో 1111111, దాని కింద 8888888 కొట్టి చూడండి. రెండూ ఒకే పొడవు రాకపోతే అంకెలకు మాత్రం ఫాంటు మార్చండి.

పట్టిక ఇప్పుడు ఇలా ఉండాలి.

| ఖర్చు (రూపాయల్లో) | 2024-25 | 2023-24 | పెరుగుదల (తగ్గుదల) |
|:---|---:|---:|---:|
| నూలు కొనుగోలు | 18,42,650 | 16,97,200 | 1,45,450 |
| రంగులు, రసాయనాలు | 2,36,480 | 2,51,900 | (15,420) |
| నేత కూలీ | 14,08,375 | 13,20,640 | 87,735 |
| రవాణా | 38,400 | 41,150 | (2,750) |
| మగ్గాల మరమ్మతు | 9,760 | – | 9,760 |
| మొత్తం | 35,35,665 | 33,10,890 | 2,24,775 |

శీర్షికలు చూడండి. "రూపాయల్లో" అని పైన ఒక్కసారే ఉంది, ప్రతి అంకె ముందు రూ. లేదు. అంకెల మీది శీర్షిక కూడా కుడివైపుకే ఉండాలి. మధ్యలో పెడితే 9,760 ఒకచోట, దాని సంవత్సరం మరోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. చివరి శీర్షిక పొడవైనది. దాన్ని రెండు వరుసలు చేయండి, కానీ ఎక్కడ విరగాలో మీరే ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి చెప్పండి. కంప్యూటర్‌కు వదిలేస్తే "పెరుగుదల" అన్న మాటనే మధ్యలో తుంచవచ్చు. శీర్షికలన్నీ గడి అడుగుకు ఆనాలి, అప్పుడే ఒక వరుస శీర్షికా రెండు వరుసల శీర్షికా ఒకే మట్టంలో అంకెలను తాకుతాయి. స్థలం చాలదని శీర్షికను నిలువుగా తిప్పకండి. ఒత్తులు, గుణింతాలు పక్కకు తిరిగితే తెలుగు చదవడం నిజంగా కష్టం.

గీతల విషయంలో నా పద్ధతి స్థిరంగా ఉంది. పట్టికను వర్డ్‌లోకి తెచ్చాక ముందు గీతలన్నీ తీసేస్తాను. తర్వాత అడ్డగీతలు నాలుగే గీస్తాను: పైన ఒకటి, శీర్షికల కింద ఒకటి, మొత్తానికి పైన ఒకటి, చివర ఒకటి. నిలువు గీత ఒక్కటి కూడా ఉండదు. అంకెలు ఒకదాని కింద ఒకటి కుదిరి నిలబడితే ఆ వరుసే నిలువు గీత పని చేస్తుంది. మందం అర పాయింటు. పావు పాయింటు తెరమీద అందంగానే ఉంటుంది, కానీ నివేదికను జిరాక్స్ తీస్తే అక్కడక్కడ తెగిపోతుంది. బూడిదరంగు పట్టీలు కూడా జిరాక్స్‌లో మచ్చలుగా మారి అంకెలను మింగుతాయి. అందుకే వాటి జోలికి వెళ్లను.

తెలుగు పట్టికలో వచ్చే చిక్కు ఒకటుంది. "మొత్తం" అన్న మాటలో త కింద త ఒత్తు ఉంది. వర్డ్ పట్టికలో గడి పైనా కిందా ఖాళీ మొదట సున్నాగా ఉంటుంది కాబట్టి, కింది గీత ఆ ఒత్తును తాకుతుంది. టేబుల్ ప్రాపర్టీస్‌లో గడి అంచులను పైన, కింద 0.1 సెంటీమీటరు చొప్పున పెంచండి. అక్కడే వరుస ఎత్తు "ఎగ్జాక్ట్లీ" అని ఉంటే "ఎట్ లీస్ట్" అని మార్చండి. మొదటిదైతే ఎత్తు చాలనప్పుడు ఒత్తును సగానికి కోసేస్తుంది. తెరమీద చిన్నగా చూస్తే తెలియదు, 200 శాతానికి పెంచి చూడండి.

పట్టికను పేజీ నిండా సాగదీయకండి. "రవాణా" అన్న మాటకూ 38,400కూ మధ్య జానెడు ఖాళీ ఉంటే చదివేవారి చూపు పక్క వరుసలోకి జారుతుంది, అప్పుడే గీతలు కావాలనిపిస్తుంది.

అభ్యాసం: మీ సంఘం గత ఏడాది ఖర్చులను ఈ పద్ధతిలో పెట్టి, ఒక ప్రతి ముద్రించి, దాన్ని జిరాక్స్ తీయించండి. జిరాక్స్ ప్రతి మీద కాగితం అంచును నిలువుగా ఒకట్ల స్థానం పక్కన ఆనించండి. ఏ అంకె అయినా అంచు దాటి కనిపిస్తే ఆ గడి సూత్రాన్ని మళ్లీ చూడండి. తర్వాత "మొత్తం" కింద ఒత్తు పూర్తిగా ఉందో లేదో చూడండి.