మెషీన్ ఆయుష్షు మారితే: ఎస్టిమేటా, పాలసీయా, పాత తప్పా?

సమస్య: 2021 ఏప్రిల్ 1న ₹10,00,000కి కొన్న మెషీన్‌కు 10 ఏళ్ల ఆయుష్షు వేసి స్ట్రెయిట్ లైన్‌లో తరుగుదల రాస్తున్నాం. 2024-25లో ఆ ఆయుష్షు తప్పని తేలింది.

తేడా మొత్తాన్ని ఈ ఏడు లాభనష్టాల్లో కొట్టేయడం, పాలసీ మార్పుగా చూపడం, రెండూ ఆడిట్‌లో నిలవలేదు.

దారి చూపింది ఒక్క ప్రశ్న: ఈ సమాచారం పాత ఖాతాలు ఆమోదించిన నాటికే అందుబాటులో ఉందా? ఫైలు తీస్తే సప్లయర్ 2021లోనే ఇచ్చిన సాంకేతిక నివేదిక దొరికింది, అందులో 8 ఏళ్లని ఉంది. అంటే చూడకుండా వదిలేసిన తప్పు.

ముందు సరైన తరుగుదల లెక్కించాం: ఏటా ₹1,25,000. మూడేళ్లకు తక్కువ పడింది ₹75,000. అందులో ₹50,000ను 2023 ఏప్రిల్ 1 నాటి రిటెయిన్డ్ ఎర్నింగ్స్‌లో తగ్గించాం. మిగతా ₹25,000ను పోల్చి చూపే 2023-24 అంకెల్లోనే సరిచేశాం. తర్వాత డిఫర్డ్ ట్యాక్స్, చివర నోట్.

అదే నివేదిక 2024లో కొత్తగా వచ్చి, ఇంకా 5 ఏళ్లే అని ఉంటే అది ఎస్టిమేట్ మార్పు. పాత ఏళ్లను ముట్టుకోకుండా మిగిలిన ₹7,00,000ను 5 ఏళ్లకు పంచితే ఏటా ₹1,40,000. పాలసీ మార్పంటే సరుకు విలువకు ఫిఫో వదిలి వెయిటెడ్ యావరేజ్‌కు వెళ్లడం లాంటిది. అదీ వెనక్కి వెళ్లి సవరించేదే, కానీ తరుగుదల పద్ధతి మార్పు మాత్రం ఎస్టిమేటే.

ఇది ఇండ్ ఏఎస్ 8 పాటించే కంపెనీలకు, అదీ మొత్తం మెటీరియల్ అయితేనే. ఏఎస్ 5 కింద ఉన్నవాళ్లు పాత తప్పును ఈ ఏడు లాభనష్టాల్లోనే విడిగా చూపాలి. ఎస్టిమేటో పాలసీయో తేల్చడం కష్టమైతే ఎస్టిమేట్‌గానే తీసుకోమంటుంది ప్రమాణం.