ఫ్లోట్ స్విచ్ తప్పుడు రీడింగులు: నాకు పనిచేసిన మార్పు

ట్యాంకు మీది ఫ్లోట్ స్విచ్ నుంచి ఆర్డుయినో నానో దాకా దాదాపు 30 మీటర్ల వైరు. మోటారు కాంటాక్టర్ పడ్డప్పుడల్లా ట్యాంకు నిండిందని చూపించి మోటారు ఆగిపోయేది. అడాప్టర్ మార్చడం, కోడ్‌లో డిలే పెంచడం, వైరు మెలిపెట్టడం, ఏవీ పూర్తిగా పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు వైరు వచ్చే టెర్మినల్ దగ్గరే 5 వోల్టులకు 2.2 కిలో ఓమ్ పుల్‌అప్ పెట్టాను. అక్కడి నుంచి పిన్ వైపు 10 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో. దాని తర్వాత BAT54S డయోడ్ జత: మధ్య కాలు సిగ్నల్‌కి, మిగతా రెండూ 5 వోల్టులకి, గ్రౌండ్‌కి. చివరగా పిన్‌ను ఆనుకుని గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్.

డయోడ్లు రెసిస్టర్‌కి పిన్ వైపే ఉండాలి. అప్పుడు 100 వోల్టుల స్పైక్ వచ్చినా డయోడ్ మీద పడేది సుమారు 10 మిల్లీఆంపులే.

కోడ్‌లో `INPUT_PULLUP` తీసి `INPUT` పెట్టండి. లోపలి పుల్‌అప్ 20 కిలో ఓమ్‌లే ఉంటే, స్విచ్ మూసినా పిన్ దగ్గర సుమారు 1.7 వోల్టులు మిగులుతాయి. లో అని నమ్మకంగా చదవాలంటే 1.5 లోపు ఉండాలి.

ఇప్పుడు కాంటాక్టర్ ఎన్నిసార్లు కొట్టినా రీడింగ్ కదలడం లేదు. ఈ ఫిల్టర్ ఆలస్యం 1 మిల్లీసెకను, ఫ్లోట్‌కి లెక్కే కాదు. ఎన్‌కోడర్‌కో ఐ2సీ లైనుకో ఈ విలువలు పనికిరావు. దగ్గర్లో పిడుగు పడితే ఇది ఆపుతుందని మాత్రం చెప్పలేను.