రుణ ఒప్పందం రద్దు చేసుకోవాలంటే 14 రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలి?

ఐరోపా యూనియన్ దేశాల్లో వినియోగదారు రుణం తీసుకున్నవారు 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. దరఖాస్తు చాలా చిన్నది. పేరు, ఒప్పందం సంఖ్య, తేదీ, ‘ఈ ఒప్పందం నుంచి వైదొలగుతున్నాను’ అన్న ఒక్క వాక్యం చాలు. ఈ కాగితం రాసిపెట్టడానికి మధ్యవర్తికి రుసుము కట్టనవసరం లేదు.

చిక్కంతా రోజుల లెక్క దగ్గరే. సంతకం చేసిన రోజు, ఒప్పంద షరతులు, తప్పనిసరి సమాచారం ఉన్న పత్రాలు చేతికి అందిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే గడువు దాన్నిబట్టి మొదలవుతుంది. ఆ రోజును లెక్కలో కలపకూడదు. మర్నాడు ఒకటో రోజు.

ఒకరు మార్చి 3 మంగళవారం సంతకం చేశారనుకుందాం. పత్రాలు తపాలాలో 9న, సోమవారం వచ్చాయి. ఆయన 18న రద్దు గురించి అడిగితే ‘నిన్నటితో గడువు అయిపోయింది’ అని తిప్పి పంపారు. సంతకం నుంచి లెక్కిస్తే 17తో ముగిసిన మాట నిజమే. కానీ పత్రాలు అందింది 9న కాబట్టి 10వ తేదీ ఒకటో రోజు, 23వ తేదీ పద్నాలుగో రోజు. ఆయనకు ఇంకా అయిదు రోజులు ఉన్నాయి. చివరి రోజు శనివారమో ఆదివారమో సెలవు దినమో అయితే తర్వాతి పనిదినం దాకా గడువు సాగుతుంది.

అందుకే పత్రాలు వచ్చిన కవరు పారేయకండి. తపాలా ముద్ర, మెయిల్ వచ్చిన తేదీ, ఇవే మీ సాక్ష్యం. సంతకం చేయించేటప్పుడే ‘పత్రాలు అందాయి’ అన్న వరుస కిందా సంతకం పెట్టించే అలవాటు కొందరికి ఉంది. చేతిలో కాగితం లేనిదే అక్కడ పెట్టకండి. ఇప్పటికే పెట్టేసినా కంగారు పడనక్కరలేదు. ఒప్పందానికి ముందు ఇవ్వవలసిన సమాచారం విషయంలో అలాంటి అచ్చు వాక్యం ఒక్కటే రుజువు కాదని, ఇచ్చినట్టు చూపవలసిన భారం రుణదాతదేనని ఐరోపా న్యాయస్థానం 2014లో చెప్పింది.

లేఖ గడువులోగా పంపితే చాలు, అది గడువు దాటాక చేరినా చెల్లుతుంది. ఫోనులో చెప్పి ఊరుకోకండి. రిజిస్టర్డు పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

లేఖ పంపిన నాటి నుంచి 30 రోజుల్లోగా అసలు, వాడుకున్న రోజుల వడ్డీ తిరిగి కట్టాలి. 5,000 యూరోలు ఏడాదికి 7.3 శాతం వడ్డీకి తీసుకుంటే రోజుకు ఒక యూరో పడుతుంది. డబ్బు 30 రోజులు వాడుకున్నవారు కట్టవలసింది 5,030 యూరోలు. రద్దు చేసినందుకు జరిమానా అంటూ ఇంకేదైనా అడిగితే, ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా ఇమ్మనండి.