రజాయి, జాకెట్ కొనేముందు లోపల ఏముందో చూసేది ఎట్టా? డౌన్, పాలిస్టర్, దూదిలో ఏది ఎవరికి?

అక్టోబర్ మధ్యలో మొదలయ్యే వానలు మన నెల్లూరు, ప్రకాశం వైపు డిసెంబర్ దాకా పడతానే ఉంటాయి, రజాయిలు బీరువాలోంచి బయటకి తీసేది కూడా సరిగ్గా అప్పుడే. చలి అంటారా, జనవరిలో కూడా నెల్లూరులో రాత్రిపూట మామూలుగా 20 డిగ్రీల దగ్గరే ఉంటది, ఉదయగిరి వైపు ఇంకొంచెం తగ్గుద్ది. అందుకే ఇక్కడ రజాయి కొనేవాళ్లు వెచ్చదనం కన్నా ముందు ఇది తడిస్తే ఎట్టా ఆరుద్ది, ఎక్కడ ఆరేస్తాం అని చూసుకోవాలి. చలి దేశానికి పోయే పిల్లలకి జాకెట్ కొనేవాళ్ల లెక్క వేరే, అది కూడా చెప్తాను.

దూది గానీ పాలిస్టర్ గానీ డౌన్ గానీ వాటంతట అవి వేడి పుట్టించవు. మన ఒంటి వేడిని బయటకి పోనీకుండా ఆపేది వాటి మధ్యలో కదలకుండా ఇరుక్కున్న గాలి. తక్కువ బరువుతో ఎంత గాలిని పట్టుకుంటది, తడిసినా నలిగినా ఆ గాలికి జాగా మిగులుద్దా లేదా, మూడింటికీ తేడా అక్కడే.

డౌన్ అంటే బాతుల పొట్ట కింద ఉండే మెత్తటి నూగు, ఈకకి ఉండే గట్టి కాడ దీనికి ఉండదు. వరికోతలు అయ్యాక మన పొలాల్లో బాతుల మందలు దింపుతారు కదా, ఆ బాతు గంటలకొద్దీ నీళ్లల్లో తిరిగి గట్టెక్కినా లోపలి నూగు పొడిగానే ఉంటది, పైన నూనె పట్టిన ఈకలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని నీళ్లని లోపలికి పోనివ్వవు కాబట్టి. అదే నూగు జాకెట్‌లోకి వచ్చేసరికి పైన ఆ ఈకలు లేవు, ఆ పని గుడ్డే చేయాలి. గుడ్డ ఆపలేకపోతే నూగు తడిసి ముద్దయిపోద్ది, గాలి పోద్ది, దాంతోపాటు వెచ్చదనం పోద్ది.

మొదట లేబుల్, తర్వాత చెయ్యి

లోపలి కుట్టు దగ్గర ఉండే చిన్న లేబుల్ చదవండి. డౌన్ 90 ఫెదర్ 10 అనో, 80-20 అనో రాసుంటే నిజం డౌన్. "డౌన్ ఆల్టర్నేటివ్", "డౌన్ లాంటి ఫీల్" అని ఉంటే అది పాలిస్టరే, అందులో తప్పేం లేదు గానీ డౌన్ రేటు మాత్రం ఇవ్వొద్దు. డౌన్ జాకెట్ మీద ఫిల్ పవర్ అని 600, 700 అని ఒక నంబర్ కూడా ఉంటది. 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల జాగా ఆక్రమిస్తదో ఆ లెక్క అది. 600 అంటే దాదాపు 10 లీటర్లు, అంటే ఇంటికి వేయించుకునే 20 లీటర్ల నీళ్ల టిన్నులో సగం, అదంతా 28 గ్రాములే! అంత వెచ్చదనమే పాలిస్టర్‌తో కావాలంటే సుమారుగా ఒకటిన్నర నుంచి రెండింతల బరువు పడుద్ది, దూదికైతే ఇంకా జాస్తి.

ఇప్పుడు చేత్తో చూడండి. గుప్పిట్లో గట్టిగా నొక్కి వదిలేయండి. డౌన్ పూర్తిగా అణిగిపోయి మెల్లగా ఉబ్బుద్ది, మంచి పాలిస్టర్ వెంటనే పైకి లేస్తది, దూది నొక్కిన చోట అట్టానే ఉండిపోద్ది. వేళ్ల మధ్య నలిపితే సూదుల్లా గుచ్చుకునేవి ఎక్కువ తగిలితే నూగు కన్నా ఈకలే ఎక్కువ పోశారని అర్థం. ఆ తర్వాత లైట్‌కి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూస్తే గడుల మధ్యలో ఖాళీలు కనపడిపోతాయి, ఆ ఖాళీల్లోంచే చలి లోపలికి వస్తది.

ఇంకా అనుమానంగా ఉంటే, కుట్టులోంచి బయటకి వచ్చిన పోగు ఒక్కటి దొరికినా చాలు. పట్టకారుతో పట్టుకుని సింకు మీద కాల్చి చూడండి. కాలిన వెంట్రుకల వాసన వస్తే నూగు, కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగిలితే దూది, కరిగి గట్టి పూసలాగా అయితే పాలిస్టర్. ఆ పూసని వెంటనే ముట్టుకోవద్దు, చెయ్యి కాలుద్ది. ఇది బయటకి వచ్చిన పోగుతోనే చేయాలి, రజాయి దగ్గర అగ్గి పెట్టమాకండి.

రజాయికి త్రాసు పెట్టండి

కావలిలో ఉండే మా పెద్దమ్మకి డబుల్ మంచానికి రజాయి కొనేటప్పుడు వేసిన లెక్క ఇది, మీరు కూడా ఇట్టానే వేసుకోవచ్చు. సైజు 90 అంగుళాలు బై 100, అంటే మీటర్లలో 2.29 బై 2.54, మొత్తం 5.8 చదరపు మీటర్లు. షాపులో 300 జీఎస్ఎమ్ అన్నారు. జీఎస్ఎమ్ అంటే ఒక చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు ఉందో చెప్పే లెక్క. 5.8ని 300తో గుణిస్తే లోపల నింపింది ఒకటే 1,740 గ్రాములు ఉండాలి. పైన కింద గుడ్డ రెండు వైపులా కలిపి ఇంచుమించు కిలో అనుకోండి. అంతా కలిపి 2.7 కిలోలు రావాలి. కవర్‌తో సహా త్రాసుకి తగిలిస్తే 1.9 వచ్చింది. గుడ్డ తీసేస్తే 900 గ్రాములు, దాన్ని 5.8తో భాగిస్తే 155 జీఎస్ఎమ్. ఊరికి పోయేటప్పుడు సూట్‌కేసు తూచే వేలాడే త్రాసు ఉంటది చూడండి, ఇట్టా పట్టుకోవడానికి అదే చాలు.

తమాషా ఏందంటే కావలికి ఆ 155 సరిపోద్ది, ఆవిడకి 300 అవసరమే లేదు, ఫ్యాన్ ఆపి పడుకునే చలికి 120 నుంచి 200 లోపు చాలు. కాబట్టి రజాయి అదే తీసుకున్నాం, 300 రేటు మాత్రం ఇవ్వలేదు. 300, 400 జీఎస్ఎమ్‌వి ఢిల్లీలో ఉండేవాళ్లకి, మనం కప్పుకుంటే అర్ధరాత్రి చెమట పట్టి తన్నేస్తాం. మన కోస్తాలో రజాయికి డౌన్ అయితే దండగే, నా మాట ఇదే. ఒక్క రాత్రి కూడా దానికి తగ్గ చలి ఇక్కడ ఉండదు, కానీ దాన్ని ఆరబెట్టే కష్టం మాత్రం ఏడాదంతా ఉంటది.

దూది రజాయి సంగతి వేరే. బరువుగా ఒంటికి అంటుకుని ఉంటది, పెద్దవాళ్లు చాలామందికి ఆ బరువు లేకపోతే నిద్రే పట్టదు, చెమటని కూడా పీల్చుకుంటది కాబట్టి పాలిస్టర్ మాదిరి ఉక్కపోత ఉండదు. కాకపోతే గాల్లో తేమని కూడా అట్టానే పీలుస్తది. ముసురు పట్టిన వారంలో ముట్టుకుంటే చల్లగా, ముక్కిన వాసనతో ఉండేది అందుకే.

జాకెట్ అయితే ఏ ఊరికో చెప్పండి

పిల్లోడు టొరంటో పోతున్నాడంటే అక్కడ జనవరిలో సున్నాకి బాగా కింద ఉండే పొడి చలి, మంచు మీద పడినా దులిపేస్తే పోద్ది, అక్కడ డౌన్ బంగారం. బరువు తక్కువ, సూట్‌కేసులో నలిపి పెడితే చిన్న దిండంత అయిపోద్ది, ఇళ్లల్లో డ్రయ్యర్లు కూడా ఉంటాయి కాబట్టి ఉతుక్కోవడానికి ఇబ్బంది ఉండదు. అదే లండన్ వైపు అయితే చలి అంత ఉండదు గానీ సన్నగా వాన పడతానే ఉంటది, అక్కడ పాలిస్టర్ నింపిన జాకెట్, పైన వాన ఆపే గుడ్డ ఉన్నది తీసుకోవడం మేలు. పాలిస్టర్ పోగు నీళ్లు దాదాపు పీల్చదు, పోగుల మధ్యలో తడి ఉన్నా పిండేస్తే మళ్లీ కొంత ఉబ్బుద్ది, తడి మీద కూడా ఎంతోకొంత వెచ్చదనం మిగులుద్ది. దూది నింపిన జాకెట్ మాత్రం రెండు చోట్లకీ వద్దు. ఒకసారి తడిస్తే బరువెక్కి ఒంట్లో వేడినంతా లాగేస్తది, చలి దేశంలో అది ప్రమాదం కూడా.

ఒక్క మాట, జాకెట్ కొనేది ఇక్కడే అయినా ఇంట్లో ఏసీలో వేసుకుని "అబ్బా ఎంత వెచ్చగా ఉందో" అని తేల్చేయమాకండి, 20 డిగ్రీల్లో ఏ జాకెట్ అయినా వెచ్చగానే ఉంటది.

ఉతికేటప్పుడు

పాలిస్టర్‌ది తేలిక. ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో చల్లనీళ్లు లేకపోతే 30 డిగ్రీలు, జెంటిల్ మోడ్. డబుల్ రజాయి రెండు కిలోలే కదా 7 కిలోల మెషిన్‌లో పట్టుద్దిలే అనుకోవద్దు, బరువు కాదు జాగా చూడాలి, డ్రమ్ములో పైన జానెడు ఖాళీ లేకపోతే మధ్యలో సబ్బు ఉండిపోద్ది. ఎండలో పూటలో ఆరిపోద్ది. ఇస్త్రీ పెట్టొద్దు, డ్రయ్యర్ బాగా వేడిగా పెట్టొద్దు, పోగు వంపు పోయి రజాయి పల్చగా అట్టలాగా అయిపోద్ది, అట్టా అయ్యాక దాన్ని మళ్లీ ఉబ్బించలేం.

డౌన్ ఉతికేదానికి మన దగ్గర ఏప్రిల్, మే నెలలే మంచివి. మా పక్కింటి అక్క నవంబర్‌లో ఉతికింది, పైన గుడ్డ ముట్టుకుంటే పొడిగానే ఉంది, మడిచి బీరువాలో పెట్టేసింది. వారం తర్వాత తీస్తే తడి కోడి వాసన, గడుల మూలల్లో ఉసిరికాయంత ఉండలు. గుడ్డ ముందు ఆరుద్ది, నూగు చాలా ఆలస్యంగా ఆరుద్ది, మోసం అక్కడే జరుగుద్ది.

అందుకని ఉతికే ముందు జాకెట్‌ని తూచి రాసిపెట్టుకోండి, 480 గ్రాములు ఉంది అనుకుందాం. జిప్పులు వేసి, జేబులు ఖాళీ చేసి, ఫ్రంట్ లోడ్‌లో జెంటిల్‌లో మామూలుగా వేసేదానికన్నా బాగా తక్కువ లిక్విడ్ సబ్బు వేయండి. సాఫ్ట్‌నర్ వద్దు, అది నూగుని అంటించేస్తది. మధ్యలో కడ్డీ తిరిగే టాప్ లోడ్ మెషిన్ అయితే వేయొద్దు, గడులు చిరుగుతాయి. నురగ పోయేదాకా రెండోసారి కూడా జాడించండి. బయటకి తీసేటప్పుడు మెడ పట్టుకుని వేలాడదీయమాకండి, తడి నూగంతా కిందకి జారి కుట్లు తెగుతాయి, రెండు చేతులతో కింద నుంచి ఎత్తి టవల్ మీద పరిచి నొక్కండి, మెలిపెట్టి పిండొద్దు.

డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడి, లోపల రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు, అవి కొట్టుకుంటా ఉండలు విడగొడతాయి. లేకపోతే నవారు మంచం మీద పల్చటి చీర పరిచి దాని మీద ఆరేయండి, నీడ ఉండి బాగా గాలి ఆడే చోట. గంటకోసారి తిప్పి, ఉండలు కట్టిన నూగుని బయట నుంచే వేళ్లతో మెల్లగా విడదీయాలి. రెండు మూడు రోజులు పట్టినా ఓపిక పట్టండి, సాయంత్రం చల్లగాలి తగలకముందే లోపలికి తెచ్చేయండి. త్రాసు మీద మళ్లీ 480 దగ్గరికి వస్తే ఆరినట్టు. 520 చూపిస్తుంటే గుడ్డ ఎంత పొడిగా ఉన్నా లోపల ఇంకా 40 గ్రాముల నీళ్లు ఉన్నట్టే.

దూది రజాయిని నీళ్లల్లో ముంచమాకండి. దగ్గర దగ్గరగా కుట్టిన పల్చటి రకం అయితే తట్టుకుంటది గానీ వదులుగా నింపినది తడిస్తే దూది ఒక మూలకి చేరి గడ్డకడుద్ది. దానికి బటన్లున్న కవర్ కుట్టించి ఆ కవర్ ఉతుక్కుంటే చాలు, రజాయిని మాత్రం ఎండ కాసిన రోజు డాబా మీద రెండు వైపులా ఎండబెట్టండి. కొన్నేళ్లకి అణిగిపోతే పారేయక్కర్లేదు, దూది ఏకేవాళ్ల దగ్గర ఏకించి కొంచెం కొత్త దూది కలిపి మళ్లీ కుట్టించుకోవచ్చు, ఈ మూడింట్లో మళ్లీ కొత్తదానిలాగా చేయించుకోగలిగేది మన ఊళ్లల్లో ఇదొక్కటే.

దాచేటప్పుడు డౌన్‌ని గాలి లాగేసే ప్లాస్టిక్ సంచుల్లో ఏడాదంతా నొక్కి పెట్టొద్దు, ప్రయాణానికి అయితే పర్లేదు. పాత దిండు గలీబులో వదులుగా వేసి, బీరువాలో పై అరలో కలరా ఉండలు గుడ్డకి తగలకుండా పక్కన మూట కట్టి పెట్టండి.