డోస్ ఎన్ని రెట్లు తేడా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది: పిల్లల వార్డు చార్ట్‌లో సమస్య - పరిష్కారం

గుంటూరులో పిల్లల వార్డులో నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో నాకు అలవాటైన పద్ధతి ఒకటుంది. చార్ట్‌లో లెక్క సరిగ్గా ఉందా అని మళ్లీ అదే లెక్క మొదటి నుంచి చేసుకుంటూ పోను. ఎదుటివాళ్ల లెక్క చూస్తూ చేస్తే వాళ్లు తప్పిన చోటే మనమూ తప్పుతాం. సిరంజీలోకి తీసిన మందు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తాను. తీసిన ఎంఎల్‌ని, ఒక్క ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ ఉన్నాయో దానితో గుణించి, బిడ్డ బరువుతో భాగిస్తే కేజీకి ఎన్ని ఎంజీ పడుతోందో వస్తుంది. అది డాక్టర్ చెప్పిన అంకెతో కలవాలి. కలవకపోతే ఎన్ని రెట్లు తేడా ఉందో చూస్తాను. తప్పు ఎక్కడుందో సగం సార్లు ఆ రెట్లే చెప్పేస్తాయి.

ఏడు నెలల బాబు, 8 కేజీలు. డాక్టర్ అమికాసిన్ రోజుకు కేజీకి 15 ఎంజీ చొప్పున, రెండు డోసులుగా రాశారు. అంటే రోజుకు 120 ఎంజీ, ఒక్కో డోసు 60 ఎంజీ, డోసుకు కేజీకి 7.5 ఎంజీ. ఇక్కడ చెప్పే చాలా లెక్కలకు ఈ బాబే ఉదాహరణ.

సమస్య: చార్ట్‌లో ఎంజీ కరెక్టే, సిరంజీలో మాత్రం రెండున్నర రెట్లు, లేదా ఐదు రెట్లు

కారణం వయల్. అమికాసిన్ మనకు 100 ఎంజీ, 250 ఎంజీ, 500 ఎంజీ వయల్స్‌గా వస్తుంది. మూడింటిలోనూ మందు 2 ఎంఎల్లే. చూడటానికి కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. మన బాబుకు కావలసిన 60 ఎంజీ, 100 వయల్ నుంచైతే 1.2 ఎంఎల్, 250 నుంచైతే 0.48, 500 నుంచైతే 0.24 ఎంఎల్.

నేను చూసిన కేసులో మొదటి రోజు 100 వయల్ ఉంది. ఎవరో సాయం చేద్దామనుకుని చార్ట్‌లో 60 ఎంజీ పక్కన పెన్సిల్‌తో 1.2 ఎంఎల్ అని రాసి పెట్టారు. రెండో రోజు మెడికల్ షాపులో 100 లేదని బాబు నాన్న చేతికి 500 వయల్ ఇచ్చారు. రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి పెన్సిల్ అంకె చూసి 1.2 తీసింది. లెక్క చేయకముందే నాకు అనుమానం వచ్చింది. పెద్దవాళ్లకు వాడే వయల్‌లో సగానికి పైగా మందు ఎనిమిది కేజీల బిడ్డ కోసం సిరంజీలో ఉంది!

"వయల్ ఏదమ్మా?" అని అడిగాను.

"ఇదే అక్కా, నిన్నటిదే కదా," అంటూ చేతికిచ్చి, లేబుల్ చదివి ఆగిపోయింది.

వెనక్కి లెక్క చేశాం. 500 వయల్‌లో ఒక్క ఎంఎల్‌కు 250 ఎంజీ. 1.2ని 250తో గుణిస్తే 300 ఎంజీ. ఎనిమిదితో భాగిస్తే కేజీకి 37.5. కావలసింది 7.5. సరిగ్గా ఐదు రెట్లు. 500కు, 100కు ఉన్న తేడా కూడా ఐదు రెట్లే కదా. ఆ మందు పారేసి కొత్తగా తీశాం. అమికాసిన్ ఎక్కువైతే దెబ్బ తినేవి కిడ్నీలు, చెవులు. ఆ నష్టం ఆ రాత్రే కనపడదు, అందుకే ఈ మందు దగ్గర నాకు భయం ఎక్కువ.

పరిష్కారం: చార్ట్‌లో ఎంజీ మాత్రమే ఉండాలి. ఎంఎల్ అంకెను మందు తీసేవాళ్లు, వయల్ చేతిలో పట్టుకుని, ప్రతి డోసుకూ కొత్తగా లెక్క వేయాలి. పాత పెన్సిల్ అంకె కనపడితే కొట్టేయండి. రెండో నర్సు సరిచూసేటప్పుడు "1.2 తీశాను, కరెక్టేనా?" అని అడగొద్దు. చార్ట్, వయల్ ఇచ్చి "నువ్వెంత తీస్తావు?" అని అడగాలి.

రెండున్నర రెట్ల తేడాకు ఇంకో కారణం కూడా ఉంది. 0.24 ఎంఎల్ కొలవడానికి ఒక ఎంఎల్ సిరంజీ దొరక్క ఇన్సులిన్ సిరంజీ తీసుకుంటారు. మన దగ్గర 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ ఉంటాయి. 40 యూనిట్ల సిరంజీలో 24 గీత దాకా తీస్తే వచ్చేది 0.24 కాదు, 0.6 ఎంఎల్. వయల్ సరిగ్గానే ఉండి తేడా రెండున్నర రెట్లుంటే సిరంజీ చూడండి. ఎంఎల్ గీతలు లేని సిరంజీతో ఇన్సులిన్ తప్ప ఇంకేదీ కొలవకపోవడమే మంచిది.

అంత చిన్న కొలత కష్టమనిపిస్తే పలచన చేసి తీయొచ్చు. 500 వయల్ నుంచి 1 ఎంఎల్ తీసి, సెలైన్ 9 ఎంఎల్ కలిపితే మొత్తం 10 ఎంఎల్, ఒక్క ఎంఎల్‌కు 25 ఎంజీ. 60 ఎంజీకి 2.4 ఎంఎల్. కలిపిన సిరంజీ మీద ఒక్క ఎంఎల్‌కు 25 ఎంజీ అని లేబుల్ అంటించాకే పక్కన పెట్టాలి. ఆ లేబుల్ లేకపోతే తర్వాతి సమస్య మన చేతులతోనే తెచ్చుకున్నట్టు.

సమస్య: పది రెట్లు

కారణం దాదాపు ఎప్పుడూ దశాంశ చుక్కే. పలచన చేసింది, చేయనిది తారుమారైనా పది రెట్లే వస్తుంది. ఇదే బాబుకు వాంతులకు ఆండాన్‌సెట్రాన్ కేజీకి 0.15 ఎంజీ చొప్పున 1.2 ఎంజీ రాశారనుకుందాం. ఇంజెక్షన్ ఒక్క ఎంఎల్‌కు 2 ఎంజీ కాబట్టి 0.6 ఎంఎల్. ముందు సున్నా పెట్టకుండా చుక్క, ఆరు అని రాస్తే కార్బన్ కాపీలో చుక్క మాయమై 6 ఎంఎల్ అవుతుంది. 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాస్తే 50 అవుతుంది. అందుకే చుక్కకు ముందు సున్నా ఉండి తీరాలి, పూర్తి అంకె తర్వాత చుక్క, సున్నా ఉండకూడదు.

ఈ తప్పు ట్రేలోనే పట్టుబడుతుంది. 6 ఎంఎల్ కావాలంటే 2 ఎంఎల్ ఆంప్యూల్స్ మూడు విరగ్గొట్టాలి. పసిబిడ్డకు ఒక డోసు కోసం రెండో ఆంప్యూల్ విరగ్గొట్టాల్సి వస్తే చేయి ఆపేయండి, డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగేదాకా.

సమస్య: రెట్టింపు, లేదా మూడు రెట్లు

రోజు మొత్తానికి చెప్పిన ఎంజీని ఒక్క డోసుగా రాసేస్తే ఇలా వస్తుంది. రోజుకు రెండుసార్లు ఇచ్చే మందుకు రెట్టింపు, మూడుసార్లు ఇచ్చేదానికి మూడు రెట్లు. మన బాబు చార్ట్‌లో అమికాసిన్ 120 ఎంజీ బీడీ అని ఉంటే వెనక్కి లెక్కలో డోసుకు కేజీకి 15 వస్తుంది. అంకె 15 కదా, సరిపోయింది అనుకుంటే మోసపోయినట్టే. రోజుకు 30 పడుతోంది.

ఇక్కడ మనమే 60గా దిద్దేయకూడదు. అమికాసిన్‌ను రోజుకు ఒకేసారి కేజీకి 15 ఎంజీ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. తప్పింది 120 కావచ్చు, బీడీ కావచ్చు. డాక్టర్‌ను "120 ఓడీనా, 60 బీడీనా?" అని అడిగి, ఆయన చేతే కొట్టించి మళ్లీ రాయించుకోవాలి.

సమస్య: సిరంజీ పంపులో రేటు మరీ వింతగా వచ్చింది

ఇక్కడ ఉదాహరణకు 10 కేజీల పాప. డోపమైన్ కేజీకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు. బరువుకు మూడు రెట్లు, అంటే 30 ఎంజీ, మొత్తం 50 ఎంఎల్ వచ్చేలా కలిపారు. ఇలా కలిపితే గంటకు 1 ఎంఎల్ అంటే కేజీకి నిమిషానికి 1 మైక్రోగ్రాము. కాబట్టి రేటు 5. ఈ షార్ట్‌కట్ ఎందుకు పనిచేస్తుందో ఒకసారి చేసి చూసుకుంటే తప్పులు తేలిగ్గా దొరుకుతాయి. అయిదుని పదితో, అరవైతో గుణిస్తే గంటకు 3,000 మైక్రోగ్రాములు. సిరంజీలో 30 ఎంజీ అంటే 30,000 మైక్రోగ్రాములు, 50 ఎంఎల్‌లో. ఒక్క ఎంఎల్‌కు 600. మూడు వేలను ఆరు వందలతో భాగిస్తే 5 ఎంఎల్.

రేటు 0.08 వచ్చిందంటే నిమిషాన్ని గంటగా మార్చే అరవై మర్చిపోయారు. 5,000 వచ్చిందంటే సిరంజీ వైపు ఎంజీని మైక్రోగ్రాములుగా మార్చలేదు. రెండోది పంపే ఒప్పుకోదు కాబట్టి దాంతో భయం లేదు. మొదటిదాన్ని కొన్ని పంపులు ఒప్పుకుంటాయి, బీపీ మాత్రం పెరగదు, అందరూ మందు పనిచేయడం లేదనుకుంటారు. చార్ట్‌లో మైక్రోగ్రామ్ అని పూర్తిగా రాయించండి. చేతిరాతలో పొట్టి అక్షరాలు ఎంజీలాగే కనపడతాయి.

షార్ట్‌కట్‌కు ఒక హద్దుంది. అది ఆ బరువుకు కలిపిన సిరంజీకే పనికొస్తుంది. పక్క మంచం బిడ్డకు కలిపింది పొరపాటున ఇక్కడ పెడితే రేటు అంకె అందంగానే ఉంటుంది, డోసు మారిపోతుంది.

సమస్య: తేడా ఉంది, కానీ పైన చెప్పిన ఏ రెట్టూ కాదు

ముందు ఇంకో మందు లెక్క కూడా చేసి చూడండి. ఒక్క మందే తేడాగా ఉంటే తప్పు ఆ వరుసలో ఉంది. బిడ్డ అసలు బరువుతో చూస్తే చార్ట్‌లో మందులన్నీ ఒకే నిష్పత్తిలో ఎక్కువైతే తప్పు పైన, బరువు గడిలో ఉంది.

ఇది దొరకడం కష్టం, ఎందుకంటే చార్ట్‌లో రాసిన బరువుతోనే చేస్తే వెనక్కి లెక్క కూడా పాసైపోతుంది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన మూడేళ్ల పాప చార్ట్‌లో 18 కేజీలు అని ఉంది. పారాసిటమాల్ కేజీకి 15 చొప్పున 270 ఎంజీ. 270ని 18తో భాగిస్తే 15. ఆండాన్‌సెట్రాన్ 2.7 ఎంజీ, అదీ కేజీకి 0.15. చార్ట్ తనతో తాను చక్కగా కలుస్తోంది. పాపను చూస్తే మాత్రం అంత బరువు అనిపించలేదు.

చదువుకునేటప్పుడు నేర్చుకున్న అంచనా సూత్రాలు ఇక్కడ పనికొస్తాయి. మూడు నుంచి పన్నెండు నెలల దాకా, నెలలకు తొమ్మిది కలిపి రెండుతో భాగించాలి. ఏడాది నుంచి ఆరేళ్ల దాకా, వయసును రెండింతలు చేసి ఎనిమిది కలపాలి. మూడేళ్లకు 14 వస్తుంది. ఇది అనుమానపడటానికే, డోసు వేయడానికి కాదు. బొద్దు పిల్లలూ ఉంటారు, బక్కపిల్లలూ ఉంటారు.

వాళ్లమ్మను అడిగితే, "ఓపీలో తూచారమ్మా, పదమూడో ఎంతో అన్నారు," అంది. మెషిన్ సున్నా చేసి, చెప్పులు, స్వెటర్ తీయించి మళ్లీ తూచాం. 13 కేజీలు. ఓపీ చీటీలో 3 పైన, కింద గుండ్రంగా కలిసిపోయి 8 అయింది. 270 ఎంజీ అంటే పాపకు కేజీకి దాదాపు 21 పడేది. పారాసిటమాల్ 195 ఎంజీకి దిగింది. వార్డులో ఉన్నది 5 ఎంఎల్‌కు 250 ఎంజీ సిరప్ కాబట్టి 3.9 ఎంఎల్. వాళ్లమ్మ సంచీలో ఇంటి నుంచి తెచ్చిన సీసా 5 ఎంఎల్‌కు 125ది. రెండూ ఒకే బల్ల మీద ఉండకూడదని దాన్ని కవర్లో కట్టి, డిశ్చార్జ్ రోజు ఇస్తామని పేరు రాసి బీరువాలో పెట్టాం.

డాక్టర్ వచ్చి మందులన్నీ 13 కేజీలకు తిరగరాశారు. బరువు గడిలో ఈసారి అంకె పక్కన అక్షరాల్లో కూడా "పదమూడు" అని రాసి, తూచిన తేదీ, టైమ్ వేసి సంతకం పెట్టాను.