పాత పిల్లర్‌కు కాంక్రీటు జాకెట్ ఎలా వేయాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి వెళ్లాక, విజయవాడ సింగ్‌నగర్‌లో మా బంధువుల అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక పిల్లర్ అడుగున పెచ్చులు ఊడి ఊచలు బయటపడ్డాయి. ఊచ అంతగా తుప్పు పట్టడం ఒక్క వరద పని కాదు, ఏళ్ల తరబడి చేరిన చెమ్మ అది. మేస్త్రి సిమెంటు పూసేస్తానన్నాడు. పూత బరువు మోయదు. పిల్లర్ చుట్టూ ఊచలు కట్టి కొత్త కాంక్రీటు పోసే జాకెట్ మోస్తుంది, అదీ పాత కాంక్రీటుతో కలిసిపోతేనే.

ఆ పిల్లర్ ఒకవైపు 9 అంగుళాలు, మరోవైపు 12 అంగుళాలు. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో లెక్క వేయించాం. పునాది చాలకపోతే జాకెట్ వేసి లాభం లేదు. ఒక్క పిల్లరే బలిస్తే భూకంపపు తాకిడిలో ఎక్కువ వాటా దానికే పడుతుంది కాబట్టి మిగతావీ చూడాలి.

చిప్పింగ్‌కు ముందే దూలాల కింద జాకీలు బిగించాలి. పునాది కనిపించేదాకా తవ్వి, ప్లాస్టరింగ్ అంతా తీసి, సుత్తితో తట్టాలి. డొల్ల శబ్దం వచ్చినచోట గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి. తుప్పు పట్టిన ఊచ వెనకవైపు కూడా వేలు దూరేంత ఖాళీ చేసి వైర్ బ్రష్‌తో రుద్దాలి. మిగతా ముఖమంతా గరుకుగా కొట్టాలి. నున్నగా వదిలితే కొత్తది పట్టదు.

మాకు నాలుగు వైపులా 100 మిల్లీమీటర్లు పెంచమన్నారు. 16 ఎంఎం ఊచలు ఎనిమిది, 8 ఎంఎం రింగులు 100 మిల్లీమీటర్లకు ఒకటి. పిల్లర్ చుట్టూ పూర్తి రింగు దూరదు కదా, రెండు ముక్కలుగా వంచి కట్టాలి, కొక్కేలు లోపలికి తిరగాలి. పునాదిలో దిగే నిలువు ఊచల అడుగు కొసలనూ, పాత పిల్లర్‌లో దిగే పొట్టి ఊచలనూ రంధ్రాలు చేసి ఎపాక్సీతో బిగిస్తారు. రంధ్రంలో దుమ్ము ఉంటే ఎపాక్సీ గోడను పట్టదు, బ్రష్ పెట్టి రెండు మూడుసార్లు ఊదించాలి. ఇక్కడే పనివాళ్లు తొందరపడతారు, పక్కనే నిలబడండి.

పోసే ముందురోజు పాత కాంక్రీటును బాగా తడిపి, పోసే వేళకు పైన నీరు నిలవకుండా చూడాలి. బాండింగ్ కెమికల్ పూస్తే అది ఆరేలోపే కాంక్రీటు పడాలి. ఆరిపోయిందంటే అతకడం మాని విడదీసే పొరవుతుంది.

కొత్త కాంక్రీటు పాతదానికంటే కనీసం 5 మెగాపాస్కల్స్ బలమైనది కావాలి. సందు ఇరుకు కాబట్టి 10 ఎంఎం కంకర చిప్సే వాడాలి. నేల మీది పదడుగులకు అర ఘనమీటరులోపే కాంక్రీటు, సుమారు నాలుగు బస్తాల సిమెంటు. స్లాబుకు ఇంజనీరు చూపినచోట రంధ్రాలు చేసి పైనుంచి పోశాం. పక్కనుంచి పోస్తే దూలం కింద ఖాళీ మిగులుతుంది. అలా మిగిలితే కుంచించుకోని గ్రౌట్‌తో నింపాలి, లేకపోతే బరువు జాకెట్‌లోకి దిగదు.

సెంట్రింగ్ విప్పాక మళ్లీ తట్టి చూడండి. మాకు ఒక మూల డొల్లగా మోగింది, అక్కడ చెక్కి మళ్లీ పోయించాం. గోనె సంచులు చుట్టి రెండు వారాలు తడపాలి. జాకీలు ఇంజనీరు చెప్పాకే తీయాలి, మావి 28 రోజులకు తీశారు.